పే రివిజన్ ఏరియర్స్ మళ్లీ లెక్క కట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసు బిల్లుల సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. 2016లో 7వ వేతన సంఘం ఏరియర్స్ వచ్చినప్పుడు మా గది ముందు సంతలా ఉండేది. ఇప్పుడు 8వ వేతన సంఘం మాట మొదలయ్యేసరికి పాత స్నేహితులు, వాళ్ల పిల్లలు మళ్లీ అవే ప్రశ్నలతో ఫోన్ చేస్తున్నారు. ఆ ప్రశ్నలకు నేను చెప్పే జవాబులే ఇవి. ఉదాహరణకు ఒకే ఒక్క కేసు తీసుకున్నాను. 2016 జనవరి నుంచి జులై దాకా, హైదరాబాద్‌లో పనిచేసే లెవెల్ 6 ఉద్యోగి కేసు అది. ఒకటి పూర్తిగా అర్థమైతే మిగతావి అదే దారిలో వేసుకోవచ్చు.

అసలు ఏరియర్స్ అంటే కొత్త జీతంలోంచి పాత జీతం తీసేయడమే కదా, అంత పెద్ద లెక్కేముంది?

అంతే, కానీ ఆ తీసివేత నెలనెలా విడివిడిగా జరగాలి. ఆఫీసులో దీన్ని డ్యూ-డ్రాన్ స్టేట్‌మెంట్ అంటారు. ఆ నెలకు కొత్త ఉత్తర్వు ప్రకారం ఎంత రావాలి అన్నది డ్యూ. ఆ నెల పేరు మీద మీకు ఇప్పటికే ఎంత ఇచ్చారు అన్నది డ్రాన్. రెండింటి తేడా ఏరియర్. ‘నెలకు ఇంత తేడా, ఏడు నెలలు, కాబట్టి ఇంత’ అని ఒక్క గుణకారంతో తేల్చేవాళ్లు మధ్యలో ఇంక్రిమెంట్ పడిందనో, పది రోజులు జీతం లేని సెలవు పెట్టామనో మర్చిపోతారు. తప్పు అక్కడే దూరుతుంది.

ఎన్ని నెలలకు లెక్క కట్టాలి?

ఉత్తర్వులో రెండు తేదీలు చూడండి. ఒకటి కొత్త జీతం ఎప్పటి నుంచి అమలు అన్నది. రెండోది కొత్త జీతం చేతికి రావడం ఎప్పుడు మొదలైంది అన్నది. మధ్యలో మిగిలినవే ఏరియర్ నెలలు. 7వ వేతన సంఘం విషయంలో అమలు తేదీ 2016 జనవరి 1. నిబంధనలు వెలువడింది జులై 25న. అప్పటికి జులై జీతం బిల్లులు పాత లెక్కలోనే తయారైపోయాయి. ఆగస్టు జీతం కొత్త లెక్కలో ఇచ్చి, దాంతోపాటు జనవరి నుంచి జులై దాకా ఏడు నెలల ఏరియర్స్ ఇచ్చారు.

కొత్త బేసిక్ ఎలా నిర్ణయించారు?

మన ఉద్యోగికి 2015 డిసెంబరు 31న పే బ్యాండ్‌లో జీతం 13,500, గ్రేడ్ పే 4,200. రెండూ కలిపి పాత బేసిక్ 17,700. దీన్ని 7వ వేతన సంఘం ఫిట్‌మెంట్ గుణకం 2.57తో గుణిస్తే 45,489. ఇక్కడితో ఆగకూడదు. పే మ్యాట్రిక్స్ అనే కొత్త జీతాల పట్టికలో లెవెల్ 6 నిలువు వరస తీసి, ఆ అంకె సరిగ్గా ఉంటే అదే, లేకపోతే దానికన్నా ఎక్కువ అంకె ఉన్న తర్వాతి గడి పట్టుకోవాలి. ఆ వరసలో 44,900 తర్వాత 46,200 ఉంది. కాబట్టి కొత్త బేసిక్ 46,200.

ఎక్సెల్‌లో వేసుకునేవాళ్లు గుణకారం రౌండింగ్‌ను నోటిలెక్కకు వదలకండి, గడి మాత్రం వరసలో చూసి పట్టుకోండి:

```
=ROUND(17700*2.57,0)
```

45,489కి, 46,200కి మధ్య తేడా 711 రూపాయలు. ఈ 711 గడి వల్ల కలిసొచ్చింది. గడికి బాగా దగ్గరగా పడినవాళ్లకు ఇది పది, ఇరవై రూపాయలే ఉంటుంది. పక్క సీటులో కూర్చున్నవాడికి మీకన్నా ఎక్కువ ఏరియర్ వచ్చిందంటే చాలాసార్లు కారణం ఇదే. మా సెక్షన్‌లో దీనిమీద జరిగినన్ని గొడవలు మరి దేనిమీదా జరగలేదు.

మరి డీఏ? పాత జీతం మీద 125 శాతం ఉండేది కదా.

ఆ 125 శాతం కొత్త బేసిక్‌లో కలిసిపోయింది. 2016 జనవరి 1 నాటికి కొత్త జీతం మీద డీఏ సున్నా. అందుకే డ్యూ వరసలో 46,200 మాత్రమే ఉంటుంది. డ్రాన్ వరసలో 17,700, దాని మీద 125 శాతం అంటే 22,125, కలిపి 39,825 ఉంటుంది. తేడా నెలకు 6,375.

బేసిక్ 17,700 నుంచి 46,200కి పెరిగిందని చూసి ‘నెలకు ఇరవై ఎనిమిది వేలు పెరిగింది’ అని ఇంట్లో చెప్పి, తర్వాత ఏడు వేలు కూడా రాలేదని నీరసపడ్డవాళ్లు నాకు బాగా తెలుసు. పోల్చాల్సింది బేసిక్‌ను బేసిక్‌తో కాదు. ఇటు బేసిక్ ప్లస్ డీఏ, అటు బేసిక్ ప్లస్ డీఏ పెట్టి చూడాలి.

జులై ఇంక్రిమెంట్ సంగతేమిటి?

జులై నెలను విడిగా వేయాలి. పాత లెక్కలో ఇంక్రిమెంట్ 17,700 మీద 3 శాతం, అంటే 531. దాన్ని పై పదికి సర్దితే 540. కాబట్టి జులైలో తీసుకున్న బేసిక్ 18,240, దాని మీద 125 శాతం డీఏ 22,800, మొత్తం 41,040. కొత్త లెక్కలో ఇంక్రిమెంట్ అంటే అదే వరసలో తర్వాతి గడి. 46,200 తర్వాత 47,600. తేడా 6,560.

మొత్తం ఇలా తేలింది:

| నెలలు | రావలసింది | ఇచ్చింది | నెల తేడా | మొత్తం |
|---|---|---|---|---|
| జనవరి నుంచి జూన్ (6) | 46,200 | 39,825 | 6,375 | 38,250 |
| జులై (1) | 47,600 | 41,040 | 6,560 | 6,560 |
| | | | | 44,810 |

ఇప్పటికే ఇచ్చిన మొత్తం అంటే పే స్లిప్‌లో ఉన్నదే కదా?

కాదు. అందరూ జారిపడే మెట్టు ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

2016 మొదటి నెలల్లో పే స్లిప్పుల మీద డీఏ 119 శాతం అనే ఉంటుంది. జనవరి 1 నుంచి దాన్ని 125 శాతానికి పెంచాలని కేంద్ర కేబినెట్ మార్చి నెలాఖరుకు నిర్ణయించింది. ఉత్తర్వు ఏప్రిల్‌లో వచ్చింది. ఆ 6 శాతం తేడా డీఏ ఏరియర్‌గా వేరే బిల్లులో పడింది. మన ఉద్యోగికి అది నెలకు 1,062.

ఇప్పుడు ఎవరైనా జనవరి, ఫిబ్రవరి, మార్చి స్లిప్పులు ముందేసుకుని డ్రాన్ రాస్తే ఏమవుతుంది? 17,700 మీద 119 శాతం 21,063, మొత్తం 38,763 అని రాస్తారు. తేడా 7,437 అని వస్తుంది. మూడు నెలలకు 3,186 రూపాయలు ఎక్కువ చూపించినట్టే. ఆ డబ్బు ఆయన బ్యాంకు ఖాతాలో అప్పటికే పడింది. కాకపోతే ఆ నెల స్లిప్‌లో కాదు, వేరే ఎంట్రీగా పడింది.

ఒకాయన నా దగ్గరికి ఇదే లెక్కతో వచ్చాడు. స్లిప్పులన్నీ పిన్ను గుచ్చి, పెన్సిల్‌తో టిక్కులు పెట్టి, ‘సార్, మీ వాళ్లు మూడు వేలు మింగేశారు’ అన్నాడు. పాస్‌బుక్ తెమ్మన్నాను. మర్నాడు తెచ్చాడు. ఆ డీఏ ఏరియర్ ఎంట్రీ మీద వేలు పెట్టి చూపించాను. ఒక నిమిషం దానివంకే చూసి, ‘ఇది నేను కూలర్ కొన్న డబ్బు సార్’ అన్నాడు.

అందుకే డ్రాన్ వరస నింపేటప్పుడు స్లిప్పులతోపాటు ఆ కాలంలో ఖాతాలో పడ్డ ప్రతి జమనూ చూడండి. ఏ నెలలో డబ్బు చేతికొచ్చింది అన్నది కాదు, ఏ నెలకు సంబంధించి వచ్చింది అన్నదాన్నిబట్టి ఆ వరసలో రాయాలి.

హెచ్‌ఆర్‌ఏ ఏరియర్స్ ఎందుకు రాలేదు? హైదరాబాద్‌లో 30 శాతం కదా.

హైదరాబాద్ ఎక్స్ కేటగిరీ నగరం. పాత లెక్కలో 30 శాతం హెచ్‌ఆర్‌ఏ నిజమే. కానీ 2016 జులై ఉత్తర్వులో డీఏ తప్ప మిగతా అలవెన్సులన్నీ, జీతం మారనట్టే భావించి పాత బేసిక్ మీద పాత రేటుకే ఇవ్వాలని స్పష్టంగా ఉంది. అలవెన్సుల మీద వేరే కమిటీ వేశారు. కొత్త హెచ్‌ఆర్‌ఏ 24 శాతం, 2017 జులై 1 నుంచి అమలైంది. వెనక్కి వెళ్లి ఇవ్వలేదు.

కాబట్టి మన ఉద్యోగికి జనవరి నుంచి జూన్ దాకా హెచ్‌ఆర్‌ఏ రావలసింది 17,700 మీద 30 శాతం, 5,310. ఇచ్చింది కూడా 5,310. తేడా సున్నా. జులైలో 18,240 మీద 5,472, అక్కడా సున్నా. ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ కూడా అంతే. 1,600, దాని మీద 125 శాతం డీఏ, కలిపి 3,600. అది అటూ ఇటూ ఒకటే.

ఇది తెలియక 46,200 మీద 30 శాతం వేసుకుంటే నెలకు 8,550, ఏడు నెలలకు 60,108 ఎక్కువ వచ్చేస్తుంది. అంటే అసలు ఏరియర్ కన్నా పెద్ద తప్పు. ఆ రోజుల్లో చేతులు మారిన ఎక్సెల్ షీట్లు కొన్ని ఇలాగే ఉండేవి. లక్ష దాటి చూపిస్తాయి, జనం దాన్ని నమ్మి స్కూటర్ బుక్ చేస్తారు.

2008లో 6వ వేతన సంఘం అప్పుడు కూడా కొత్త హెచ్‌ఆర్‌ఏ ఉత్తర్వు వచ్చాకే అమలైంది, జీతం ఏరియర్స్‌తో కలిసి వెనక్కి పోలేదు. అయినా అన్ని రివిజన్లలోనూ ఇలాగే జరుగుతుందని కాదు, మీ ఉత్తర్వులో అలవెన్సులకు ఏ తేదీ ఉందో అదే చూడండి. అది వేరే పేరాలోనో, వేరే ఉత్తర్వులోనో ఉంటుంది.

పిల్లల చదువు అలవెన్స్, ఓవర్‌టైమ్ లాంటివి?

హెచ్‌ఆర్‌ఏకి చెప్పిందే వీటికీ వర్తిస్తుంది. ఆ ఏడు నెలలకు పాత రేటే.

నా లెక్క సరిగ్గా ఉందో లేదో త్వరగా చూసుకునే దారి ఉందా?

ఉంది. పాత బేసిక్‌ను ఒకటి అనుకుంటే 125 శాతం డీఏతో 2.25 అవుతుంది. కొత్తది 2.57. అంటే పెరిగింది దాదాపు 14.2 శాతం. మన ఉద్యోగి పాత బేసిక్, డీఏ కలిపి 39,825. దాని మీద 14.2 శాతం అంటే 5,660 చుట్టూ వస్తుంది. దానికి గడి వల్ల వచ్చిన 711 కలిపితే 6,375 దగ్గరికి చేరుతుంది. మీ నెల తేడా ఇంతకన్నా చాలా ఎక్కువగా, ముప్పై శాతమో నలభై శాతమో ఉంటే హెచ్‌ఆర్‌ఏ లోపలికి దూరిందన్నమాట. పద్నాలుగు కన్నా తక్కువ వస్తే మ్యాట్రిక్స్‌లో తక్కువ అంకె ఉన్న గడి పట్టుకున్నారేమో, లేదా డ్రాన్‌లో ఏదైనా రెండుసార్లు రాశారేమో చూడండి.

నెలలో కొన్ని రోజులు జీతం లేని సెలవు పెట్టాను. ఎలా వేయాలి?

డ్యూ కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. ఏప్రిల్‌లో పది రోజులు అసాధారణ సెలవు, అంటే ఈవోఎల్ పెట్టారనుకుందాం. 30 రోజుల్లో 20 రోజులకే జీతం. కాబట్టి తేడా 6,375లో మూడింట రెండు వంతులు, 4,250. మొత్తం ఏరియర్ 44,810 నుంచి 42,685కి దిగుతుంది. సగం జీతం సెలవైతే డ్యూలోనూ సగం జీతమే వేస్తారు. సర్వీసు రిజిస్టర్‌లో సెలవు ఎంట్రీ పడకపోతే బిల్లు పూర్తి జీతానికే తయారవుతుంది. తర్వాత ఆడిట్‌లో బయటపడి రికవరీ వస్తుంది. అప్పుడు సంతోషించి ఇప్పుడు బాధపడే కన్నా ముందే చెప్పేయడం నయం.

కొత్త జీతంలోకి జనవరి నుంచి కాకుండా జులై నుంచి మారితే లాభమని కొందరు అన్నారు.

కొందరికి లాభమే. ముఖ్యంగా ఆ మధ్యలో ప్రమోషన్ వచ్చినవాళ్లకు. ఆ వెసులుబాటును ఆప్షన్ అంటారు. నిర్ణీత గడువులో ఫారం ఇవ్వాలి. కానీ మన ఉద్యోగి విషయంలో చూడండి. జులైలో పాత బేసిక్ 18,240. దాన్ని 2.57తో గుణిస్తే 46,877 దగ్గర వస్తుంది. పై గడి 47,600. జనవరి నుంచి మారినా జులైకి చేరేది అదే 47,600. అంటే జులై దాకా ఆగితే 38,250 రూపాయల ఏరియర్ వదులుకున్నట్టే, బదులుగా వచ్చేది ఏమీ లేదు. ఎవరి మాటో విని సంతకం పెట్టకుండా, రెండు దారులూ జులై గడి దాకా వేసుకుని చూడండి. పది నిమిషాల పని.

44,810 అన్నారు, చేతికి అంత రాలేదే?

ఎన్‌పీఎస్‌లో ఉన్నవాళ్లకు బేసిక్, డీఏ ఏరియర్ మీద కూడా 10 శాతం కోత పడుతుంది. ఇక్కడ సుమారు 4,481. అప్పట్లో ప్రభుత్వం వాటా కూడా అంతే, అదీ మీ ప్రాన్ ఖాతాలో జమ కావాలి. రెండూ పడ్డాయో లేదో స్టేట్‌మెంట్‌లో చూసుకోండి. నా అనుభవంలో కోత ఎప్పుడూ తప్పలేదు, జమ మాత్రం ఒక్కోసారి నెలలు ఆలస్యమైంది. జీపీఎఫ్ ఉన్న పాతవాళ్లకు ఈ ఎన్‌పీఎస్ కోత ఉండదు. ఆ తర్వాత ఆదాయపు పన్ను.

పన్నులో రాయితీ ఉందంటారు, నిజమా?

నిజమే. అప్పట్లో 1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 89 కింద ఉండేది. ఏరియర్స్‌లో కొంత వెనకటి ఆర్థిక సంవత్సరానిదైతే, అది అప్పుడే వచ్చి ఉంటే ఎంత పన్ను పడేదో పోల్చి, ఇప్పుడు పడ్డ అదనపు భారం తగ్గించేవారు. రిటర్న్ వేసే ముందే పోర్టల్‌లో ఫారం 10ఈ నింపాల్సి ఉండేది. ఫారం నింపకుండా రిటర్న్‌లో మాత్రం రాయితీ అడిగితే నోటీసు వచ్చేది.

ఇక్కడ కేంద్ర ఉద్యోగులకు ఒక చిన్న మెలిక ఉంది. మార్చి జీతం ఏప్రిల్ మొదటి పనిదినాన పడుతుంది కాబట్టి మా ఫారం 16 మార్చి నుంచి ఫిబ్రవరి దాకా నడిచేది. అందుకే మన కేసులో వెనకటి సంవత్సరానికి చెందేది జనవరి, ఫిబ్రవరి రెండు నెలలే. అంటే 12,750. రెండు సంవత్సరాల్లోనూ పన్ను శ్లాబు ఒకటే అయితే రాయితీ పెద్దగా రాదు, సున్నా కూడా రావచ్చు.

మేం తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులం. మాకూ ఇదే పద్ధతా?

పద్ధతి ఇదే, కానీ తేదీలు మూడు ఉంటాయి. 2021 జూన్‌లో వచ్చిన రాష్ట్ర వేతన సవరణ, అంటే పీఆర్సీ ఉత్తర్వు చూడండి. 30 శాతం ఫిట్‌మెంట్. నోషనల్‌గా 2018 జులై 1 నుంచి, ఆర్థిక లబ్ధి 2020 ఏప్రిల్ 1 నుంచి, నగదుగా 2021 ఏప్రిల్ 1 నుంచి. మొదటి 21 నెలలకు ఇంక్రిమెంట్లు కాగితం మీద నడుస్తాయి, డబ్బు రాదు. ఆ తర్వాతి 12 నెలలకు డబ్బు లెక్క కడతారు, కానీ సర్వీసులో ఉన్నవాళ్లకు దాన్ని రిటైరయ్యేటప్పుడు ఇస్తామన్నారు. నోషనల్ నెలల్ని వదిలేసి నేరుగా 2020 ఏప్రిల్‌కి దూకితే మధ్యలో పడ్డ ఇంక్రిమెంట్ తప్పిపోయి, బేసిక్ కింద తేలుతుంది.

ఆ 12 నెలల్లో డీఏ కూడా జాగ్రత్త. పాత స్కేల్‌లో 38.776 శాతం, కొత్త స్కేల్‌లో 7.28 శాతం. కొత్త బేసిక్ మీద పాత శాతం వేస్తే అంకె భలే అందంగా వస్తుంది, కానీ తప్పు.

ఇక 2023 అక్టోబరు 1 నుంచి ఇస్తున్న 5 శాతం మధ్యంతర భృతి, అంటే ఐఆర్, రేపు కొత్త పీఆర్సీ ఏరియర్స్ వేసేటప్పుడు డ్రాన్ వరసలోకి వెళ్లాల్సిందే. అది ముందుగా ఇచ్చిన వాయిదా లాంటిది. పైన చెప్పిన కూలర్ కథ ఇక్కడ మళ్లీ జరుగుతుంది.

మధ్యలో ట్రాన్స్‌ఫర్ అయ్యాను. పాత ఆఫీసు నెలలు ఎవరు చూస్తారు?

పాత ఆఫీసు నుంచి ఆ నెలల డ్రాన్ వివరాలు, ఆ కాలపు ఏరియర్ అక్కడ తీసుకోలేదన్న సర్టిఫికెట్ రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పారంటే కుదరదు. రెండు ఆఫీసులూ ఇచ్చేసిన కేసులూ ఉన్నాయి, ఎవరూ ఇవ్వని కేసులూ ఉన్నాయి.

ఎక్కువ ఇచ్చేశారని ఇప్పుడు వెనక్కి అడుగుతున్నారు. ఇవ్వాలా?

గ్రూప్ సి, డి ఉద్యోగుల నుంచి, రిటైరైనవాళ్ల నుంచి ఇలాంటి రికవరీ చేయకూడదని 2014 డిసెంబరులో రఫీక్ మసీహ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది చూపించి చాలామంది ధైర్యంగా ఉంటారు. కానీ 2016 జులైలో జగ్‌దేవ్ సింగ్ కేసులో అదే కోర్టు, ఎక్కువ వస్తే తిరిగిస్తానని హామీపత్రం రాసిచ్చిన అధికారి దానికి కట్టుబడాల్సిందేనంది. 7వ వేతన సంఘం ఆప్షన్ ఫారంతోపాటే అలాంటి హామీపత్రం ఉంది. మీరు సంతకం పెట్టే ఉంటారు, చదివి ఉండకపోవచ్చు.

ముందు మీ డ్యూ-డ్రాన్ స్టేట్‌మెంట్ కాపీ రాతపూర్వకంగా అడగండి. రికవరీ అంకె ఏ నెల, ఏ వరసలోంచి వచ్చిందో అందులో కనిపించాలి. కనిపించకపోతే మీ సొంత లెక్క జతచేసి, నెలవారీగా తేడా రాసి, జీతం బిల్లు పెట్టే అధికారికి, అంటే డీడీవోకి ఇవ్వండి. ‘మొత్తం తప్పు’ అని రాసిన అర్జీ టేబుల్ మీదే ఉండిపోతుంది. ‘ఏప్రిల్‌లో నా పది రోజుల ఈవోఎల్‌ను మీరు ఇరవై రోజులుగా వేశారు’ అని రాసినది క్లర్కు అదే రోజు తీసి చూస్తాడు.